ఆదివారం సాయంత్రం నూనె అయిపోతుంది, బుధవారం టమాటా కుళ్లిపోతుంది: చిన్న హోటల్‌కు వారం ఆర్డర్లు ఎట్లా పెట్టుకోవాలి?

మిరపబజ్జి_కడప
కడపలో బస్టాండుకు దగ్గర్లో చిన్న హోటల్ నాది. ముప్పై సీట్లు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఉగ్గాని బజ్జి. ఆదివారం ఒక్కరోజు చికెన్ బిర్యానీ. వంటాయన, నేను, మా ఆవిడ, ఇద్దరు కుర్రోళ్లు.
వ్యాపారం బాగానే నడుస్తోంది. కానీ వారం వారం ఇదే తంతు. ఆదివారం సాయంత్రం బజ్జీల టైముకు నూనె ఉండదు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో లీటరు ప్యాకెట్లు ఎమ్మార్పీకి కొంటా, పది ప్యాకెట్ల దాకా పోతాయి. ఇంకోపక్క టమాటా ట్రే బుధవారానికి సగం నీళ్లు కారుతుంది. సోమవారం పొద్దున దోశపిండి పులిసిపోయి పారబోసింది నెలలో మూడుసార్లు.
కిరాణా హోల్‌సేల్ వాళ్లకు ఫోన్ చేస్తే రెండు రోజుల్లో సరుకు వస్తుంది. అందుకే ఫోన్ చేసిన ప్రతిసారీ నూనె ఒక్క డబ్బానే చెప్తా. అయినా ఎందుకు తగ్గుతోంది? వారానికి ఒక పట్టిక లాంటిది పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తాడిపత్రి_సుబ్బన్న
నెలకు సరిపడా ఒకేసారి దించుకో. గొడవే లేదు. నేను అట్లే చేస్తా.

ఉల్లిగడ్డ_కర్నూలు
సుబ్బన్నా, నీకు గోడౌన్ ఉండాది. ఆయనకు ముప్పై సీట్లు. డబ్బాలు కస్టమర్ల ఒళ్లో పెట్టాలా?

తాడిపత్రి_సుబ్బన్న
నూనె, పప్పు, బెల్లం పెట్టుకోవడానికి ఒక అటక చాలు. కూరగాయలు నేను చెప్పలేదు.

పొయ్యి_దగ్గరోడు
సుబ్బన్న మాట సగం కరెక్టు. ఉప్పు, పసుపు, చింతపండు నెలకొకసారి పర్వాలేదు. బియ్యం, శనగపిండి మాత్రం వానాకాలం నెల ఉంచితే పురుగు పడుతుంది. శనగపిండి అయితే ముక్క వాసన కూడా వస్తుంది, బజ్జి తిన్నోడు మళ్లీ రాడు. పైగా నెల సరుకంటే నెల డబ్బు అటక మీద కూర్చున్నట్టే.

లెక్కల_వంట
ప్రశ్న అడిగిన అన్నకు: "రెండు రోజుల్లో వస్తుంది" అన్నారు కదా, ఎప్పుడు చెప్పినా రెండు రోజులకు వస్తుందా? లేక వ్యాన్ వచ్చే రోజులు ఫిక్సా? రోజుకు నూనె ఎంత పోతుంది? ఆదివారం ఎంత? డబ్బా లీటర్లదా, కిలోలదా?

మిరపబజ్జి_కడప
వ్యాన్ ప్రొద్దుటూరు నుంచి వస్తుంది. మంగళవారం, శుక్రవారం, పదకొండు గంటలకు. మంగళవారానికి ఆదివారం రాత్రి చెప్పాలి, శుక్రవారానికి బుధవారం రాత్రి చెప్పాలి. డబ్బా 15 లీటర్లు. నూనె మామూలు రోజు 5 లీటర్లు, శనివారం 4, ఆదివారం 11 దాకా పోతుంది.

శనగనూనె_అనంత
రెండు రోజుల్లో వస్తుందంటే రెండు రోజుల నూనె చేతిలో ఉంటే చాలు. 10 లీటర్లకు తగ్గగానే ఫోన్ కొట్టండి. అయిపోయింది. మా మెస్‌లో అట్లే.

లెక్కల_వంట
అనంత అన్నా, మీ దగ్గర ఎప్పుడు ఫోన్ కొడితే అప్పుడు బండి బయలుదేరుతుందేమో, అక్కడ మీ లెక్క సరిపోతుంది. ఇక్కడ వ్యాన్ వారానికి రెండుసార్లే. గురువారం 10 లీటర్లకు తగ్గిందనుకోండి, ఫోన్ కొట్టినా మంగళవారం దాకా డబ్బా రాదు. మధ్యలో ఆదివారం ఉంది.

అసలు తిరకాసు ఇక్కడే. బుధవారం రాత్రి చెప్పే ఆర్డరు శుక్రవారం దాకా నిలిస్తే చాలదు, మంగళవారం పదకొండు దాకా నిలవాలి. ఎందుకంటే దాని తర్వాత సరుకు దిగేది మళ్లీ అప్పుడే.

మీ అంకెలతోనే చూద్దాం. మంగళవారం పదకొండుకు మీ దగ్గర చుక్క లేదనుకోండి. వ్యాన్‌లో ఒక డబ్బా దిగింది, 15. ఆ రోజు మిగతా పూటకు 3, బుధవారం 5. బుధవారం రాత్రికి 7 లీటర్లు మిగులుతాయి. మీరు "అర డబ్బా ఉంది, ఒకటి చెప్దాం" అంటారు. గురువారం 5, శుక్రవారం పొద్దున టిఫిన్‌కు 2. అంటే వ్యాన్ వచ్చే నిమిషానికి డబ్బా అడుగు కనిపిస్తుంది. అది గంట లేటయితే శుక్రవారమే పోయేవాళ్లు, ఇంతవరకు మీ అదృష్టం. తర్వాత ఆ 15లో శుక్రవారం మిగతా 3, శనివారం 4 పోతే ఆదివారం పొద్దునకు 8 ఉంటాయి. ఆదివారం ఖర్చు 11. సాయంత్రం బజ్జీల దగ్గర 3 తక్కువ. సోమవారం 5, మంగళవారం పొద్దున 2. మొత్తం 10 లీటర్లు. మీరు కొంటున్న ప్యాకెట్లు ఎన్ని? పది.

మిరపబజ్జి_కడప
ఓరి దేవుడా. మా వంటాయన నూనె ఇంటికి తీసుకుపోతున్నాడేమో అనుకుంటున్నా ఇన్నాళ్లు.

ఉల్లిగడ్డ_కర్నూలు
ముందు ఆయనకు ఒక కొత్త పంచె కొనిపెట్టు అన్నా.

లెక్కల_వంట
ఇప్పుడు సరిచేద్దాం. బుధవారం రాత్రి కూర్చున్నప్పుడు గురువారం నుంచి మంగళవారం పొద్దున దాకా కూడండి: 5, 5, 4, 11, 5, 2. మొత్తం 32. వ్యాన్ లేటయితే, జనం ఎక్కువొస్తే అని ఇంకో 4 వేసుకోండి, 36. అందులోంచి చేతిలో ఉన్న 7 తీసెయ్యండి, 29. రెండు డబ్బాలు.
ఆదివారం రాత్రి లెక్క వేరు. సోమవారం నుంచి శుక్రవారం పొద్దున దాకా 22, జాగ్రత్తకు 4, మొత్తం 26. అప్పటికి చేతిలో 12 ఉంటాయి కాబట్టి 14 కావాలి, ఒక డబ్బా.
బుధవారం రెండు, ఆదివారం ఒకటి. మీరు రెండుసార్లూ ఒక్కొక్కటే చెప్తున్నారు, అదే గొడవ. వారానికి 40 ఖర్చు, 45 దిగుతుంది కాబట్టి వారానికి 5 మిగులుతూ పోతాయి. అందుకే ప్రతిసారీ కొలిచి తీసెయ్యాలి. నాలుగో వారం బుధవారం మీకు ఒక డబ్బానే తేలుతుంది, భయపడి రెండు చెప్పొద్దు.

కొళాయి_నీళ్లు
ఇదంతా చెయ్యడానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ ఆప్షన్ ఉంటుంది బ్రో. మా అన్న కంప్యూటర్ షాపు, కావాలంటే ఇన్‌స్టాల్ చేయిస్తా.

పొయ్యి_దగ్గరోడు
కొళాయి తమ్ముడూ, నూనె ఎంత ఉందో సాఫ్ట్‌వేర్‌కు ఎవరు చెప్పాలి? బజ్జి ఒకటి అమ్మితే ఎంత నూనె పోయిందో అది లెక్కగట్టలేదు. కుర్రోడు డబ్బాలోకి కట్టె స్కేలు దించి చూడటమే. డబ్బా మీద మార్కర్‌తో 5, 10 గీతలు గీసుకుంటే ఇంకా సులువు.

బాణలి_సుజాత
ఒక మాట. డబ్బా లీటర్లదా కిలోలదా అని లెక్కల అన్న ఊరికే అడగలేదు. నూనె లీటరు 910 గ్రాములు తూగుతుంది. 15 కిలోల డబ్బాలో పదహారున్నర లీటర్లు ఉంటాయి. మా ఊర్లో రెండు రకాలూ దిగుతాయి. రేటు ఒకటి, డబ్బా ఇంకోటి అయితే తక్కువకొచ్చిందని మురిసిపోతాం.
ఇంకోటి. ఆదివారం నూనె తక్కువైతే ఏం చేస్తామో మనందరికీ తెలుసు, శనివారం బాణలిలో మిగిలిన నల్ల నూనెలో కొత్తది కలుపుతాం. నూనె మళ్లీ మళ్లీ కాగితే అందులో పుట్టే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత వాళ్ల రూలు. మిషను లేకపోయినా తెలిసిపోతుంది. నురుగు తగ్గకుండా పొంగుతుంటే, మామూలు మంట మీదే పొగొస్తుంటే అది అయిపోయినట్టే.

మిరపబజ్జి_కడప
సుజాతక్కా, నిజం చెప్పాలంటే కలిపాను. ఇక కలపను.

శనగనూనె_అనంత
లెక్క ఒప్పుకుంటా. కానీ జాగ్రత్తకు 4 లీటర్లు అన్నావే, అది ఎక్కడినుంచి వచ్చింది? నాకైతే ఊహలాగే ఉంది.

లెక్కల_వంట
ఊహే కొంత. దాదాపు ఒక మామూలు రోజు ఖర్చు. వ్యాన్ ఒక పూట రాకపోతే అంత చాలు. వ్యాన్ పూర్తిగా ఎగ్గొట్టే అలవాటు ఉంటే 4 సరిపోదు. మూడు నెలలు వ్యాన్ వచ్చిన టైము గోడ మీద రాసుకుంటే మీ అంకె మీకు తెలుస్తుంది. ముప్పై సీట్ల హోటల్‌కు అంతకన్నా పెద్ద లెక్క అక్కర్లేదని నా అభిప్రాయం.

శనగనూనె_అనంత
నేనైతే 8 పెడతా. ప్యాకెట్లు కొనే సిగ్గు కన్నా డబ్బా ఉండటం మేలు.

లెక్కల_వంట
నూనెకు పెట్టండి, చెడిపోదు. అదే చెయ్యి టమాటా మీద పెట్టకండి.

ఉల్లిగడ్డ_కర్నూలు
టమాటా సంగతికి వద్దాం. అన్నా, ట్రే ఏ రోజు కొంటావు, ఏ రంగుది కొంటావు?

మిరపబజ్జి_కడప
ఆదివారం తెల్లవారుజామున. ఎర్రగా నిగనిగలాడేదే. ట్రే మొత్తం తీసుకుంటే రేటు తగ్గిస్తాడు. ఆదివారం బిర్యానీకి, రసానికి కొంత పోతుంది, మిగతాది గురువారం దాకా.

ఉల్లిగడ్డ_కర్నూలు
అదే తప్పు. ఎర్ర కాయ కడప ఎండకు రెండు రోజులు. మూడో రోజు అడుగు కాయ చితికి పైవాటిని కూడా చెడగొడుతుంది. రెండు రకాలు ఏరుకో. ఆదివారం, సోమవారానికి పండ్లు. మంగళ, బుధ, గురువారాలకు దోరగా ఉన్నవి, భుజాలు ఇంకా పచ్చగా ఉన్నవి. మదనపల్లె నుంచి దూరం పోయే లారీల్లోకి ఎక్కించేది దోర కాయనే, ఎందుకంటావు? పైగా దోర కాయలను ఫ్రిజ్‌లో పెట్టకు, అక్కడ పండవు, రుచి చస్తుంది. ట్రేలో ఒక్క వరసగా, తొడిమ కిందికి పెట్టి నీడన పరువు. పండినవి రోజూ పొద్దున ఏరు.

బాణలి_సుజాత
ట్రేలో సగం పండు, సగం దోర అడిగితే ఇస్తారా? మా దగ్గర అయితే "ఏరితే రేటు వేరు" అంటారు.

ఉల్లిగడ్డ_కర్నూలు
మండీలో ఇవ్వరు. రైతు బజారులో ఏరుకోనిస్తారు, రేటు కొంచెం ఎక్కువ. పారబోసేది కలుపుకుంటే ఎక్కువేం కాదు.

తాడిపత్రి_సుబ్బన్న
ఒప్పుకోను. మండీ ట్రేకు, రైతు బజారుకు తేడా ఒక్కోసారి సగానికి సగం ఉంటుంది. పాతిక కిలోల్లో ఐదు కిలోలు పోయినా ట్రేనే లాభం. కుళ్లకముందే సోమవారం గుజ్జు చేసి ఉడకబెట్టి పెట్టుకోవాలి.

ఉల్లిగడ్డ_కర్నూలు
గుజ్జు పెట్టడానికి ఫ్రిజ్‌లో చోటుండాలి కదన్నా. ఇక నా పేరుకు తగ్గట్టు ఒక మాట చెప్పి పోతా. ఖరీఫ్ ఉల్లి మా కర్నూలు నుంచి వచ్చినప్పుడు ఎక్కువ కొనకండి. వానలో తవ్విన గడ్డలో తేమ ఉంటుంది, సంచి మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అట్లా తగిలిన రోజే సంచి విప్పి నేలన ఆరబొయ్యాలి. రబీ గడ్డ అయితే నెల ఉన్నా ఏమీ కాదు.

మిరపబజ్జి_కడప
దోశపిండి సంగతి ఎవరూ చెప్పలేదు.

పొయ్యి_దగ్గరోడు
దానికి సరుకు తెచ్చేవాడు నీ వంటింట్లోనే ఉన్నాడు. పప్పు నానడానికి, రుబ్బడానికి, పులవడానికి పట్టే టైము కూడా వ్యాన్ టైము లాంటిదే. వెనకనుంచి లెక్కబెట్టు. సోమవారం ఆరింటికి మొదటి దోశ. మన ఎండాకాలం పిండి ఆరు గంటల్లో పొంగుతుంది, చలికాలం పది పన్నెండు గంటలు అడుగుతుంది. అంటే మే నెలలో రాత్రి పదకొండు, పన్నెండుకు రుబ్బాలి. నువ్వు ఆదివారం ఎన్నింటికి రుబ్బుతున్నావు?

మిరపబజ్జి_కడప
సాయంత్రం నాలుగింటికి. బిర్యానీ జనం పోయాక. పప్పు పదకొండుకే నానేస్తాం. రుబ్బే కుర్రోడు ఏడింటికి బస్సు ఎక్కేస్తాడు, వాళ్లది ఊరు.

పొయ్యి_దగ్గరోడు
నాలుగు నుంచి ఆరు దాకా, పద్నాలుగు గంటలు. పులవక ఏమవుతుంది? మామూలు రోజుల్లో ఎన్నింటికి?

మిరపబజ్జి_కడప
మామూలు రోజు వంటాయనే రాత్రి తొమ్మిదికి రుబ్బుతాడు. ఆదివారం అలసిపోయి త్వరగా వెళ్తాడు.

పొయ్యి_దగ్గరోడు
చూడు, అందుకే సోమవారం మాత్రమే పోతోంది. రెండు దారులు. పప్పు మూడింటికి నానేసి కుర్రోడితో ఆరున్నరకు రుబ్బించు, చల్లటి నీళ్లతో, ఉప్పు వెయ్యకుండా. గ్రైండరు వేడికి పిండి సగం పులుపు అక్కడే పట్టేస్తుంది, అందుకే ఐసు నీళ్లు. మూడున్నర గంటల నానుడు ఎండాకాలం చాలు. లేదా నాలుగింటికే రుబ్బి, పొంగడం మొదలైందని బుడగలు కనిపించగానే ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి బయటకు తియ్యి.

మిరపబజ్జి_కడప
ఫ్రిజ్‌లో ఆదివారం చికెన్ మిగులు, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద. గిన్నె పట్టదు.

బాణలి_సుజాత
ఫ్రిజ్ పిండి దోశకు పర్వాలేదు గానీ ఇడ్లీకి రాదు, గట్టిగా వస్తుంది. నా అనుభవం.

పొయ్యి_దగ్గరోడు
నాలుగింటికి తీస్తే వస్తుంది సుజాతా. మా దగ్గర పదేళ్లుగా అదే.

బాణలి_సుజాత
మీ ఇడ్లీ తిన్నాను లెండి.

ఉల్లిగడ్డ_కర్నూలు
😂😂

లెక్కల_వంట
అల్లం వెల్లుల్లి ముద్ద అన్నారు కాబట్టి: ఆదివారానికి ఎప్పుడు చేస్తున్నారు? వెల్లుల్లి ఒలవడమే బిర్యానీలో అన్నిటికన్నా పెద్ద పని. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒలిపించి, శనివారం నూరి ఫ్రిజ్‌లో పెట్టండి. శనివారం మన దగ్గర మాంసం తిననివాళ్లు ఎక్కువ, వంటిల్లు ఖాళీ. ముద్ద మీద నూనె పోసి బయట ఉంచే అలవాటు ఉంటే మానండి. వెల్లుల్లి నూనెలో గాలాడకుండా వెచ్చగా ఉండటం ప్రమాదం, వాసన రాకుండానే విషమవుతుంది. ఫ్రిజ్‌లోనే, రెండు మూడు రోజులకు మించకుండా.

హైవే_ధాబా_నంద్యాల
ఎవరూ గ్యాస్ గురించి మాట్లాడలేదేంది? పోయిన ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు 19 కిలోల సిలిండర్ అయిపోయింది, ఆదివారం డెలివరీ లేదన్నారు. దమ్ సగంలో ఆగింది. కట్టెల పొయ్యి పెట్టి లాగించా. కొందరు "ఈ రోజు టేస్ట్ వేరుగా ఉందే" అని మెచ్చుకున్నారు కూడా.

పొయ్యి_దగ్గరోడు
అది కూడా ఇదే లెక్క. శనివారం ఉదయం నిండు సిలిండర్ ఒకటి పక్కన లేకపోతే ఆదివారం లేనట్టే. సగం వాడిన దాన్ని తూచడానికి బాత్రూమ్ త్రాసు చాలు. ఖాళీ బరువు సిలిండర్ మీదే రాసి ఉంటుంది.

కొళాయి_నీళ్లు
చికెన్ ఎప్పుడు ఆర్డర్ చెయ్యాలో చెప్పలేదు ఎవరూ. నాకు కూడా పెట్టాలని ఉంది బిర్యానీ సెంటర్.

శనగనూనె_అనంత
శనివారం రాత్రి ఎనిమిదికి చెప్పు, తెల్లారి ఆరుకు వస్తుంది. నాటుకోడి కావాలంటే శుక్రవారమే చెప్పాలి, పల్లెల్లో ఏరుకొని రావాలి వాళ్లు. తూకం ప్రాణంతోనా, కోసి తోలు తీశాకనా అని ముందే తేల్చుకో. రెండు కిలోల కోడికి చేతికొచ్చేది కిలోన్నర కూడా ఉండదు.

మిరపబజ్జి_కడప
రెండు వారాలైంది, చెప్పి పోదామని వచ్చా. బుధవారం రెండు డబ్బాలు, ఆదివారం ఒకటి. ప్యాకెట్లు కొనలేదు. మొన్న శుక్రవారం వ్యాన్ రెండున్నరకు వచ్చింది, అయినా బజ్జి ఆగలేదు. టమాటా దోర, పండు వేరుగా తెస్తున్నా, బుధవారానికి నాలుగైదు కాయలే పోయాయి. రేటు మాత్రం సుబ్బన్న చెప్పినట్టే ఎక్కువ పడుతోంది, లాభమో నష్టమో ఇంకా తేల్చుకోలేదు.
దోశపిండి మొదటి సోమవారం బాగా వచ్చింది, రెండో సోమవారం కుర్రోడు ఆదివారం ఐదింటికే బస్సెక్కాడు, పెళ్లి ఉందట. నేనే రుబ్బా. ఉప్పు వేసేశా అలవాటుగా.

తాడిపత్రి_సుబ్బన్న
ఒంటిమిట్ట కల్యాణం వస్తోంది. రాత్రి వెన్నెల్లో జరుగుతుంది, పోయే జనం, వచ్చే జనం మీ బస్టాండు మీదే. ఆ వారం బుధవారం లెక్కకు ఆదివారం ఖర్చు రెండుసార్లు వేసుకో. 36 అంటూ కూర్చోవద్దు.

లెక్కల_వంట
పోయినేడు ఆ రోజు ఎంత అమ్మారో చిట్టా ఉందా అన్నా? ఉంటే అదే వెయ్యండి, రెండింతలు అని గుడ్డిగా వద్దు.

మిరపబజ్జి_కడప
చిట్టా అంటే క్యాలెండరు మీద మా ఆవిడ రాసింది ఒకటుంది. "జనం చాలా. నూనె లేదు." అంతే రాసింది.